ధారణ దాకా ఎవరున్నారు?



సాహిత్య సంస్థలు, సంగీత సభలు, గుళ్లు ఇప్పుడు తమ కార్యక్రమాలను యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాయి. కార్యక్రమం ముగిసిన మర్నాడు కార్యవర్గంలో అందరూ అడిగేది ఒక్కటే: "ఎంతమంది చూశారు?" వీడియో కింద వ్యూస్ అని ఒక అంకె ఉంటుంది. అది పెద్దదైతే సంతోషిస్తారు, చిన్నదైతే నిరుత్సాహపడతారు. వచ్చేసారి ఏం మార్చాలో మాత్రం ఆ అంకె చెప్పదు. అది చెప్పే లెక్కలు వేరే ఉన్నాయి. ప్రతి నిమిషం ఎంతమంది చూస్తున్నారు, చాట్‌లో నిమిషానికి ఎన్ని మాటలు పడుతున్నాయి, ప్రసారం అయిపోయాక అదే వీడియోను తర్వాత తెరిచినవాళ్లు ఏ భాగం చూస్తున్నారు. ఈ మూడూ యూట్యూబ్ స్టూడియోలో ఉచితంగానే దొరుకుతాయి. వాటిని చదవడం ఎలాగో ఇవాళ ఒక అష్టావధానాన్ని తీసుకుని చెబుతాను.

అష్టావధానాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, దానికి మొదలు, నడక, ముగింపు స్పష్టంగా ఉంటాయి. ఎనిమిదిమంది పృచ్ఛకులు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి నాలుగు ఆవృత్తాలుగా నడుస్తాయి. ఒక్కో ఆవృత్తంలో అవధాని ఒక్కో పద్యానికి ఒక్కో పాదం చెబుతారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం, ఆశువు, ఘంటానాదం వంటివి వచ్చి ఆయన ఏకాగ్రతను కదిలించాలని చూస్తాయి. చివరికి ధారణ. అప్పటిదాకా ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని ఒక్క గుక్కలో పూర్తిగా అప్పజెబుతారు. ఇలా భాగాలు తెలిసిన కార్యక్రమం అయితే, గ్రాఫు ఎక్కడ లేచింది, ఎక్కడ పడింది అన్నదానికి కారణం వెతకడం సులువు.

ఒక ఆదివారం సాయంత్రం 6 గంటలకు ప్రసారం మొదలై రాత్రి 9 గంటలకు ముగిసిందనుకుందాం. నేను చెప్పబోయే అంకెలు లెక్క సులువుగా ఉండాలని పెట్టుకున్నవి. వాటి నడక మాత్రం ఇలాంటి ప్రసారాల్లో తరచూ కనిపించేదే.

ముందు ఒకే సమయంలో చూస్తున్నవాళ్ల సంఖ్య సంగతి. దీన్నే స్టూడియోలో కాంకరెంట్ వ్యూయర్స్ అంటారు. విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే బస్సులో కండక్టరు కొట్టిన మొత్తం టికెట్లు వేరు, ఉయ్యూరు దాటేటప్పుడు బస్సులో కూర్చున్నవాళ్లు వేరు. వ్యూస్ అంటే టికెట్ల లెక్క. కాంకరెంట్ అంటే ఆ క్షణంలో బస్సులో ఉన్నవాళ్ల లెక్క. బస్సు దారి పొడవునా నిండుగానే కనిపించవచ్చు, కానీ ఎక్కినవాళ్లు రెండు స్టేజీలకే దిగిపోతూ కొత్తవాళ్లు ఎక్కుతూ ఉండవచ్చు. అందుకే ఈ సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. సగటున ఒక్కొక్కరు ఎంతసేపు ఉన్నారో పక్కనే పెట్టుకోవాలి.

ఈ రెండిటినీ కలిపే చిన్న లెక్క ఉంది. ప్రసారాన్ని అందరూ కలిసి చూసిన మొత్తం గంటలను ప్రసారం నడిచిన గంటలతో భాగిస్తే, సగటున ఏ క్షణంలోనైనా ఎంతమంది ఉన్నారో వస్తుంది. మన అవధానాన్ని లైవ్‌లో 900 సార్లు తెరిచారు. మొత్తం 390 గంటలు చూశారు. మూడు గంటల ప్రసారం కాబట్టి సగటు కాంకరెంట్ 130. అదే 390 గంటలను 900తో భాగిస్తే, తెరిచిన ప్రతిసారీ సగటున 26 నిమిషాలు చూశారన్నమాట. మధ్యలో వెళ్లి మళ్లీ వచ్చినవారు రెండుసార్లు లెక్కకొస్తారు కాబట్టి 900 అంటే 900 మంది అని కాదు. అత్యధికంగా ఒకే సమయంలో చూసినవాళ్లు 220, అదీ ధారణ మొదలైనప్పుడు.

సంస్థవాళ్లు పత్రికకు పంపే వార్తలో ఈ 220 రాసుకుంటారు. నేనైతే ముందు ఆ 26 నిమిషాల దగ్గర ఆగుతాను. మన కార్యక్రమంలో ఒక్కో ఆవృత్తానికి దాదాపు అరగంట పట్టింది. అంటే సగటు ప్రేక్షకుడు ఒక్క ఆవృత్తం కూడా పూర్తిగా చూడలేదు. సమస్యాపూరణ పద్యం నాలుగు ఆవృత్తాలకు గానీ పూర్తి కాదు. మధ్యలో వచ్చినవాడికి సమస్య ఏమిటో తెలియదు, మొదటి రెండు పాదాలు తెలియవు. మూడో పాదం మాత్రం వింటాడు. అది ఎంత గొప్ప పాదమైనా, దేనికి జవాబో తెలియకపోతే రుచించదు. హాల్లో కూర్చున్నవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు, వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. ప్రసారం చూసేవాళ్లు ఎప్పుడంటే అప్పుడు వస్తారు. ఈ తేడా కార్యక్రమం ఏర్పాటు చేసేవాళ్ల దృష్టికి రాదు, ఎందుకంటే వాళ్లూ హాల్లోనే ఉంటారు. ఆ 26 మీద దృష్టి పెడితేనే ఇది బయటపడుతుంది.

ఇప్పుడు గ్రాఫును నిమిషం నిమిషం చదవడం. దీనికి ఒక పని ముందే చేసి ఉండాలి. హాల్లో ఒకరు కాగితం మీద సమయాలు రాసుకోవాలి: జ్యోతి ప్రజ్వలన ఎప్పుడు, అతిథి ప్రసంగం ఎప్పుడు మొదలైంది, మొదటి పాదం ఎప్పుడు, మైకు ఎప్పుడు మారింది. ఈ కాగితం లేని గ్రాఫు గీతల బొమ్మ మాత్రమే. గ్రాఫు కూడా ఆ రాత్రే చూసి తీర్మానించకూడదు. స్టూడియోలో లెక్కలు సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

మన గ్రాఫులో 6 గంటలకు 90 మంది ఉన్నారు. నోటిఫికేషన్ వెళ్లింది, వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిరిగింది, 6:10కి 180 అయ్యారు. అక్కడి నుంచి మెల్లగా జారి 6:40కి 100కి దిగింది. కాగితం చూస్తే ఆ అరగంటలో స్వాగత వచనాలు, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు ఉన్నాయి. అవధాని మొదటి పాదం 6:42కి చెప్పారు. అంటే పద్యం వినడానికి వచ్చిన 180 మందిలో చాలామంది పద్యం మొదలయ్యేలోపే వెళ్లిపోయారు.

ఇక్కడ తొందరపడి మొత్తం నింద ప్రసంగాల మీద వేయకూడదు. నోటిఫికేషన్ చూసి వేలు తగిలించి, అర నిమిషం చూసి వెళ్లిపోయేవాళ్లు ప్రతి ప్రసారంలోనూ ఉంటారు. ప్రసంగాలు లేకపోయినా ఆ భాగం పడుతుంది. దాన్ని గుర్తుపట్టే పద్ధతి ఉంది. అలాంటివాళ్లు వచ్చిన ఐదు పది నిమిషాల్లోనే పోతారు కాబట్టి గీత ముందు గబగబా దిగి తర్వాత నిలకడగా ఉండాలి. మన గీత అలా లేదు. 6:40 దాకా ఒకే వాలులో జారుతూనే ఉంది. ఆ జారుడులో అధిక భాగం విసుగుదే అని చెప్పుకోవచ్చు.

మొదటి పాదం తర్వాత గీత మళ్లీ లేచింది. 7:25కి 130 అయింది. అక్కడ ఒక్కసారిగా కూలింది. రెండు నిమిషాల్లో 130 నుంచి 80కి పడిపోయింది. ఇది జారుడు కాదు, గోడలాంటి పతనం. నచ్చక వెళ్లేవాళ్లు ఒక్కొక్కరుగా వెళతారు. యాభైమందికి ఒకే నిమిషంలో విసుగు పుట్టదు. గీత నిలువుగా పడిందంటే శబ్దం పోయిందా, బొమ్మ ఆగిందా అని చూడాలి. చాట్‌లో ఆ నిమిషానికి వెళ్లి చూస్తే "ఆడియో లేదు", "సౌండ్ రావట్లేదండీ" అని వరసగా కనిపిస్తాయి. కాగితంలో కూడా ఉంటుంది: నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి మైకు మార్చారు, మిక్సరు నుంచి కంప్యూటరుకు వచ్చే తీగ కదిలింది, మూడు నిమిషాలకు సరిచేశారు.

సరిచేసినా వెళ్లినవాళ్లలో కొంతమందే తిరిగొచ్చారు. తర్వాత గంటసేపు గీత 80కీ 110కీ మధ్యే ఉంది. శబ్దం బాగైందని వెళ్లినవాళ్లకు చెప్పేవాళ్లు లేరు కదా, మళ్లీ నోటిఫికేషన్ పోదు. మూడు నిమిషాల లోపం ఒక గంట ప్రేక్షకులను తినేసింది. ఇలాంటప్పుడు కొందరు కంగారులో పాత ప్రసారాన్ని ఆపి కొత్త లింకుతో మొదలుపెడతారు. అది ఇంకా నష్టం. పాత లింకు చేతిలో ఉన్నవాళ్లంతా ఖాళీ తెర ముందు మిగిలిపోతారు. యూట్యూబ్‌లో ఆటో-స్టాప్ అని ఒక మీట ఉంటుంది. అది వేసి ఉంటే ఎన్‌కోడర్ ఆగగానే ప్రసారం ముగిసిపోతుంది. దాన్ని ముందే తీసేసి ఉంచితే, మధ్యలో తెగినా అదే లింకు మీద తిరిగి కలపవచ్చు.

ఇక చాట్. నిమిషానికి ఎన్ని సందేశాలు వస్తున్నాయన్న లెక్కను చూసి, ఎక్కువ వస్తే జనం ఆనందిస్తున్నారని, తక్కువైతే నిద్రపోతున్నారని అనుకోవడం మామూలు. అవధానం ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేస్తుంది. మన ప్రసారంలో చాట్ అన్నిటికన్నా ఎక్కువ ఎప్పుడు నడిచిందంటే మొదటి పది నిమిషాల్లో. నిమిషానికి 30 దాకా వచ్చాయి. తెరిచి చదివితే అన్నీ నమస్కారాలు, ఏ ఊరి నుంచి చూస్తున్నామో చెప్పుకున్న పలకరింపులు. అవి ఆత్మీయమైనవే, కానీ కార్యక్రమం గురించి మనకు చెప్పేది ఏమీ లేదు. నిషిద్ధాక్షరి నడిచేటప్పుడు చాట్ దాదాపు ఆగిపోయింది. అదే సమయంలో కాంకరెంట్ గీత కదలలేదు, ఎవరూ వెళ్లలేదు. అవధాని ఒక అక్షరం చెప్పడం, పృచ్ఛకుడు తర్వాతి అక్షరాన్ని నిషేధించడం, ఆయన ఇంకో దారి వెతకడం చూస్తూ ఎవరూ టైపు చేయడం లేదు.

కాబట్టి చాట్ మౌనాన్ని ఎప్పుడూ కాంకరెంట్ గీత పక్కన పెట్టి చదవాలి. మౌనంగా ఉండి గీత నిలిచి ఉంటే జనం లీనమయ్యారు. మౌనంగా ఉండి గీత జారుతుంటే ఆసక్తి పోయింది. చాట్ హోరెత్తి గీత పడుతుంటే సాంకేతికంగా ఏదో చెడింది, వెంటనే చూడాలి. ఈ మూడో సందర్భం ప్రసారం నడుస్తుండగానే పనికొస్తుంది. అందుకే చాట్‌ను చూసే మనిషి, మిక్సరు దగ్గర ఉన్న మనిషి పక్కపక్కన కూర్చోవాలి.

సందేశాల మొత్తం కన్నా, ఎంతమంది వేర్వేరు మనుషులు రాశారన్నది ముఖ్యం. మూడు గంటల్లో 640 సందేశాలు వచ్చాయి, కానీ రాసినవాళ్లు 48 మంది, అందులోనూ ఐదుగురు సగం రాశారు. అలాంటప్పుడు ఆ చాట్ ఐదుగురు మిత్రుల సంభాషణ. దాన్ని చూసి 130 మంది అభిప్రాయం అనుకోకూడదు. తెలుగులో టైపు చేయడం చాలామందికి నిదానంగానే సాగుతుంది, పైగా మన పెద్దవాళ్లలో చాలామంది ఇలాంటి ప్రసారాన్ని ఇంట్లో టీవీలో పెట్టుకుని చూస్తారు. రిమోట్‌తో ఎవరూ చాట్ చేయరు. స్టూడియోలో ఏ పరికరం మీద ఎంతసేపు చూశారో చెప్పే పట్టిక ఉంటుంది. అందులో టీవీల వాటా పెద్దదైతే, చాట్ పలచగా ఉండటం సహజం. ఒక టీవీ ముందు నలుగురు కూర్చున్నా లెక్కలో ఒకటే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సమయం విషయంలో ఒక జాగ్రత్త. చాట్ ఎప్పుడూ వెనకబడి ఉంటుంది. హాల్లో జరిగింది ప్రేక్షకుడి తెర మీదికి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. యూట్యూబ్‌లో తక్కువ ఆలస్యం అనే అమరిక పెట్టుకుంటే చాలామందికి 10 సెకన్లలోపు, అతి తక్కువ ఆలస్యం పెడితే 5 సెకన్లలోపు చేరుతుంది. మామూలు అమరికలో ఇంకా ఎక్కువ. ఆ పైన టైపు చేయడానికి పట్టే సమయం. కాబట్టి చాట్‌లో 7:50కి చప్పట్ల బొమ్మలు వెల్లువెత్తితే, కారణం కోసం కాగితంలో 7:49 దగ్గర వెతకాలి. అప్రస్తుత ప్రసంగీకుడు చాట్ నుంచి ప్రశ్నలు తీసుకుంటానని చెప్పి పది సెకన్లు చూసి "ఎవరూ అడగడం లేదు" అని ముందుకు వెళ్లిపోతే, ప్రశ్న ఇంకా ప్రేక్షకుడి దగ్గరకు చేరనే లేదన్నమాట. పిలుపు ఇచ్చి, ఒక ఆశువు పద్యం అయ్యాక ప్రశ్నలు చదవడం మంచిది.

ఇప్పుడు గ్రాఫులో అందరికీ నచ్చే భాగానికి వద్దాం. 8:20కి 110 ఉన్న గీత 8:40కి 220కి చేరింది. ధారణ అంతా దాదాపు అక్కడే నిలిచింది. కార్యవర్గం దీన్ని చూసి "ధారణకు ఎంత ఆకర్షణో చూడండి" అంటుంది. నిజమే కావచ్చు. కానీ ఇంకో కారణం కూడా సరిగ్గా అదే సమయానికి వచ్చి కూర్చుంది. మన రాత్రి 8:20 అంటే, వేసవిలో న్యూయార్కు, అట్లాంటాలలో ఉదయం 10:50. కాలిఫోర్నియాలో 7:50. ఆదివారం నిద్రలేచి, కాఫీ పెట్టుకుని, ఫోను తీసే సమయం. మన 6 గంటలకు కాలిఫోర్నియాలో తెల్లవారుజాము 5:30, అప్పుడు ఎవరూ చూడరు. పెరిగిన ఆ 110 మంది ధారణ కోసం వచ్చారా, తెల్లవారింది కాబట్టి వచ్చారా?

దీన్ని తేల్చకుండా వచ్చేసారి ఏర్పాట్లు మారిస్తే దారి తప్పుతాం. ధారణ ఆకర్షించిందనుకుంటే ధారణ సమయాన్ని బాగా ప్రచారం చేస్తాం. అమెరికా ఉదయం ఆకర్షించిందనుకుంటే మొత్తం కార్యక్రమాన్నే రాత్రికి జరపాలనుకుంటాం. రెండూ వేర్వేరు నిర్ణయాలు. తేల్చడానికి దేశాలవారీ పట్టిక తీసుకోవాలి. లైవ్ వీక్షణల్లో అమెరికా వాటా పదో వంతే అయితే ఈ పెరుగుదలను అమెరికా ఉదయంతో వివరించలేం, వచ్చింది మనవాళ్లే. వాటా సగం దగ్గర ఉంటే తెల్లవారడం వల్ల వచ్చినవాళ్లే ఎక్కువని అనుమానించాలి. అదీ చాలకపోతే అదే సంస్థ ఇంతకు ముందు చేసిన ప్రసారాలు తీయాలి. ధారణ లేని ఉపన్యాస కార్యక్రమంలో కూడా 8:20 తర్వాత గీత లేచిందా? లేస్తే ఆ పెరుగుదల గడియారానిదే.

తెలిసిన సమయానికి జనం ఎలా వస్తారో చూడాలంటే చంద్రయాన్-3 గుర్తు చేసుకోవచ్చు. 2023 ఆగస్టు 23న ఇస్రో యూట్యూబ్ ప్రసారం సాయంత్రం 5:20కి మొదలైంది. ల్యాండింగ్ 6:04కి అని దేశమంతా ముందే విన్నది. ఆ ప్రసారాన్ని ఒకే సమయంలో చూసినవాళ్లు 80 లక్షలు దాటారు. ముఖ్య ఘట్టం ఏ నిమిషానికో ప్రజలకు ముందే తెలియడం అక్కడ పెద్ద సహాయం. మన అవధానంలో ధారణ ఎప్పుడో ఎవరికీ చెప్పం. ఆహ్వాన పత్రికలో 6 గంటలకు అష్టావధానం అని మాత్రమే ఉంటుంది. ధారణ సుమారు 8:40కి అని ముందే రాస్తే, మూడు గంటలు కూర్చోలేనివాడు కనీసం ఆ ఇరవై నిమిషాలకు వస్తాడు.

ప్రసారం ముగిసిన తర్వాత అదే వీడియో ఛానల్‌లో ఉండిపోతుంది. 12 గంటల లోపు లైవ్‌లను యూట్యూబ్ దానంతటదే భద్రపరుస్తుంది. నెల రోజుల్లో దాన్ని మరో 2,000 సార్లు తెరిచారనుకుందాం. సగటున 6 నిమిషాలు చూశారు. అంటే 200 గంటలు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. స్టూడియో మొదట చూపే పట్టికలో లైవ్, రీప్లే కలిసే ఉంటాయి. మొత్తం 2,900 సార్లు, 590 గంటలు, సగటు 12 నిమిషాలు. "మన జనానికి 12 నిమిషాల కన్నా ఓపిక లేదు" అని ఒకరంటారు, "ఇకపై అవధానాన్ని గంటలో ముగిద్దాం" అని ఇంకొకరంటారు. ఆ 12 నిమిషాలు చూసినవాడు లోకంలో ఎక్కడా లేడు. లైవ్‌లో వచ్చినవాడు 26 నిమిషాలు ఉన్నాడు, తర్వాత వచ్చినవాడు 6 నిమిషాలు ఉన్నాడు. ఇద్దరి అవసరాలూ వేరు. వివరమైన పట్టికలోకి వెళ్లి లైవ్, ఆన్-డిమాండ్ విడదీసి చూడాలి. అవధానాన్ని కుదించాలన్న నిర్ణయం ఈ కలగాపులగపు సగటు మీద జరిగితే నాకు నిజంగా బాధ.

రీప్లే చూసేవాడి గ్రాఫు వేరుగా ఉంటుంది. అక్కడ అడ్డంగా ఉండేది గడియారం కాదు, వీడియోలో స్థానం. మన వీడియోలో మొదటి రెండు నిమిషాల్లోనే సగం మంది పోయారు. తర్వాత గీత నేలకు దగ్గరగా సాగి, 2 గంటల 40 నిమిషాల దగ్గర, అంటే ధారణ దగ్గర, గుట్టలా లేచింది. వేలితో జరుపుకుంటూ వెతికి, అక్కడికి చేరుకున్నవాళ్లు ఆ గుట్ట. మిగతావాళ్లు వెతకలేక పోయారు. మొదటి నుంచి చూసినవాడికి 6 నిమిషాల్లో దొరికేది ప్రార్థన, జ్యోతి ప్రజ్వలనే, అవధాని నోటి నుంచి తొలి పాదం రావడానికి ఇంకా ముప్పై ఆరు నిమిషాలుంది. కవిత్వం బాగాలేక వెళ్లాడని ఎలా అంటాం? కవిత్వం దాకా రానేలేదు.

దీనికి చేయవలసింది కష్టమైనది కాదు. వీడియో వివరణలో సమయాలు రాస్తే అధ్యాయాలుగా విడిపోతుంది. మొదటి సమయం 0:00 కావాలి, కనీసం మూడు అధ్యాయాలుండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. నిషిద్ధాక్షరి ఎక్కడ, అప్రస్తుత ప్రసంగం ఎక్కడ, ధారణ ఎక్కడ అని రాస్తే చాలు. పూర్తి వీడియోను కత్తిరించమని నేను చెప్పను. సభ మొత్తం ఒక దస్తావేజుగా ఉండాలి, ప్రసంగాలతో సహా. కానీ దాని పక్కన చిన్న వీడియోలు వేరుగా పెట్టాలి. ఇందులో అవధానానికి ఒక సౌలభ్యం ఉంది. నాలుగు ఆవృత్తాల్లోని పాదాలను ఏరి అతికించనక్కర్లేదు. పృచ్ఛకుడు సమస్య ఇచ్చిన అర నిమిషం, ధారణలో అవధాని ఆ పద్యం పూర్తిగా చెప్పిన ఒక నిమిషం, ఈ రెండూ కలిపితే రెండు నిమిషాల్లో ఒక సమస్యాపూరణ సంపూర్ణంగా వచ్చేస్తుంది. ఆ వీడియోకు పేరుగా సమస్య పాదాన్నే పెట్టాలి. ఊళ్లో వాట్సాప్‌లో తిరిగేది అదే, ఆ తర్వాత వెతికేవాడికి దొరికేదీ అదే.

వచ్చేసారి ఏమేం మార్చాలి? ఇక్కడ ఒక క్రమం పాటించాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఫలితం దేనివల్లో తెలియదు. ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోదామంటే సంస్థ ఏడాదికి చేసేది రెండు మూడు అవధానాలు, ఏళ్లు పడుతుంది. అందుకని గ్రాఫులో వేర్వేరు చోట్ల కనిపించే మార్పులను కలిపి చేయవచ్చు, ఒకే చోట కనిపించేవాటిని విడిగా చేయాలి.

శబ్దం బాగుచేయడం ప్రయోగం కాదు, మరమ్మతు. దానికి పరీక్ష అక్కర్లేదు. మైకు మార్చే పని ఆవృత్తాల మధ్యే చేయాలి, ఒక మనిషి చెవికి పెట్టుకుని ఫోనులో ప్రసారాన్నే వింటూ ఉండాలి. హాలు స్పీకర్లో బాగుంటే ప్రసారంలో కూడా బాగుందని నమ్మకూడదు. అధ్యాయాలు, చిన్న వీడియోలు రీప్లేకు సంబంధించినవి, అవి లైవ్ గీతను తాకవు, నిశ్చింతగా చేయవచ్చు.

లైవ్‌లో రెండు మార్పులు కలిపి చేస్తాను. మొదటిది, ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన అయ్యాక నేరుగా మొదటి ఆవృత్తం. అతిథి ప్రసంగం, సత్కారం రెండో ఆవృత్తం తర్వాత. అవధానికి అదొక విరామం కూడా అవుతుంది, కాబట్టి ఆయనను ముందే అడిగి ఒప్పించాలి, ధారణకు ఆటంకమని ఆయన అంటే మానుకోవాలి. దీని ఫలితం 6:10 నుంచి 6:40 మధ్య కనిపిస్తుంది. రెండోది, తెర కింద ఒక పట్టీ: ఇచ్చిన సమస్య, ఇప్పటిదాకా వచ్చిన పాదాలు. ఛందస్సు తెలిసిన ఒకరు కంప్యూటరు దగ్గర కూర్చుని టైపు చేయాలి. ఆ పని తెలియనివారికి ఇస్తే యతి ప్రాసలు చెడి పద్యానికే అవమానం. ఈ పట్టీ ఫలితం కార్యక్రమం నడుమ, మూడో ఆవృత్తంలో కనిపిస్తుంది. మధ్యలో వచ్చినవాడు నిలబడితే అక్కడ గీత లేవాలి.

ఫలితం ఎలా ఉండాలో ముందే కాగితం మీద రాసి తేదీ వేసి ఉంచాలి. పోయినసారి 6:10 నాటి 180 మందిలో 6:40కి 100, అంటే నూటికి దాదాపు 56 వంతు మిగిలారు. ప్రసంగాలే కారణమైతే ఈసారి నూటికి 75 దాటాలి. 60 దగ్గరే ఆగిపోతే మన ఊహ తప్పు, ఆ వెళ్లినవాళ్లు ఎలాగూ వెళ్లేవాళ్లే అనుకోవాలి. మొత్తం సంఖ్యలతో పోల్చకుండా ఇలా వంతులతో పోల్చడానికి కారణం, ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉన్నా, వానపడి కరెంటు పోయినా వచ్చేవాళ్ల సంఖ్య మారుతుంది, వచ్చినవాళ్లలో ఎంతమంది నిలిచారన్నది అంతగా మారదు. వందమంది స్థాయి ప్రసారాల్లో ఐదారుగురి తేడాను పట్టించుకోనక్కర్లేదు, అది ఏ కారణం లేకుండానే వస్తుంది.

సమయం మార్చడాన్ని, ధారణ సమయం ప్రకటించడాన్ని ఈసారికి పక్కన పెడతాను. రెండూ గీత చివరి భాగాన్ని తాకుతాయి. మొదటిదైతే గీత మొత్తాన్నీ కదిలిస్తుంది. ముందు దేశాలవారీ పట్టిక తేల్చాలి. వచ్చేది మనవాళ్లే అని తేలితే ఆ తర్వాతి అవధానానికి ఆహ్వానంలో "ధారణ సుమారు రాత్రి 8:40కి" అని ఒక వాక్యం చేర్చి, 8:20కి గ్రూపుల్లో లింకు మరోసారి పంపుతాను. అమెరికావాళ్లే అని తేలితే సాయంత్రం 6 బదులు 7:30కి మొదలుపెట్టి చూస్తాను. అప్పుడు ధారణ రాత్రి 10 దాటుతుంది. ఆ వేళకు హాల్లో కూర్చున్న పెద్దలు ఇంటికి ఎలా వెళతారు, చివరి బస్సు ఎన్నింటికి అన్నది స్టూడియోలో ఏ పట్టికా చూపదు. అది కార్యవర్గం హాల్లోనివాళ్లను అడిగి తేల్చుకోవాలి.